అదనపు క్లాసు అమ్మే ముందు గంట లెక్క చూడండి: డ్రైవింగ్ స్కూళ్ల యజమానులకు బహిరంగ లేఖ

డ్రైవింగ్ స్కూళ్లు నడుపుతున్న యజమానులందరికీ నమస్కారం.

నేనూ ఈ రంగంలోని మనిషినే. ముందు ట్రైనర్‌గా పక్క సీట్లో కూర్చుని నేర్పాను. ఇప్పుడు స్కూలు లెక్కలు చూస్తున్నాను. కోర్సు ఫీజు కట్టేశాం కదా అన్న ధైర్యంతో వచ్చే వాళ్లు రెండు చోట్ల దెబ్బ తింటున్నారు. సగం కోర్సు అయ్యాక "పెట్రోలు వేరే అండి" అంటారు. చివరి వారంలో "మీకింకా చెయ్యి తిరగలేదు, ఇంకో ఐదారు క్లాసులు పడతాయి" అంటారు. ఒక్కో క్లాసు ఎంత అని అడిగితే, ఆ పూట కౌంటర్లో ఎవరుంటే వాళ్ల నోటికి వచ్చినదే ధర. నేర్చుకునే మనిషికి అప్పటికి బేరమాడే ఓపిక ఉండదు. టెస్టు దగ్గర పడింది, ఫీజు కట్టేశారు, మధ్యలో ఇంకో స్కూలుకు వెళ్తే మళ్లీ మొదటి నుంచి రావాలి.

మిమ్మల్ని ఫీజు తగ్గించమని అడగడం లేదు. అదనపు క్లాసుకు దాని సొంత ఖర్చును బట్టి ధర కట్టండి, ఆ ధరను చేరిన రోజే కాగితం మీద రాసివ్వండి అని అడుగుతున్నాను. ఆ క్లాసు అమ్మే ముందు, డబ్బు కట్టిన గంటలు ఆ మనిషికి పూర్తిగా అందాయో లేదో చూడండి అని కూడా అడుగుతున్నాను. రెండోది నాకు మొదటిదానికంటే ముఖ్యం. అయినా ముందు ధర సంగతి తేల్చుకుందాం.

డబ్బు విలువ చోటును బట్టి మారుతుంది కాబట్టి, మొత్తం కోర్సు ఫీజును 100 పాళ్లు అనుకుందాం. కోర్సు 20 గంటలు. పేరు నమోదు, కాగితాల పని, రోడ్డు నియమాల క్లాసులు, టెస్టు రోజున బండి ఇవ్వడం, వీటన్నిటికీ కలిపి 20 పాళ్లు. ట్రైనర్ జీతం గంటకు 2 పాళ్ల చొప్పున 40. బండి మీద పడే ఖర్చు, అంటే ఇన్సూరెన్సు, వాయిదాలు, సర్వీసింగు, టైర్లు, క్లచ్ ప్లేటు, గంటకు 1 పాలు చొప్పున 20. పెట్రోలు 15. మీకు మిగిలేది 5. మీ స్కూల్లో ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు. మీవి వేసి చూసుకోండి, లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

ఇప్పుడు అదనపు గంటకు ధర కట్టమంటే చాలామంది చేసేది 100ని 20తో భాగించడం. గంటకు 5 పాళ్లు వస్తుంది. "విడిగా ఇస్తున్నాం కదా" అని దాని మీద ఇంకాస్త వేసి 6 చేస్తారు. ఈ భాగహారంలోనే తప్పుంది. పేరు నమోదుకు, కాగితాలకు, టెస్టు రోజు బండికి ఆ మనిషి 20 పాళ్లు ముందే కట్టేశాడు. 21వ గంటకు కొత్తగా నమోదు చేసేదేమీ లేదు, టెస్టు రోజు బండి రెండోసారి ఇవ్వడమూ లేదు. ఆ గంటకు నిజంగా అయ్యే ఖర్చు ట్రైనర్‌కు 2, బండికి 1, పెట్రోలుకు ముప్పావు. దానికి మీ మామూలు లాభం పావు పాలు కలిపితే 4. అదనపు గంటకు న్యాయమైన ధర ఇది. అంటే కోర్సు సగటు గంటకంటే అదనపు గంట చవకగా ఉండాలి. బయట జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

ఒకావిడకు 6 గంటలు అదనంగా అవసరమయ్యాయనుకుందాం. 6 పాళ్ల చొప్పున అయితే ఆమె మొత్తం 136 పాళ్లు కడుతుంది. 4 చొప్పున అయితే 124. ఆ 12 పాళ్ల తేడా పెట్రోలుకు పోలేదు, ట్రైనర్ జేబులోకీ వెళ్లలేదు. అందులో సగం ముందే ఒకసారి వసూలైన ఖర్చును ఆమె దగ్గర ఇంకోసారి వసూలు చేయడం వల్ల వచ్చింది, మిగతా సగం "విడిగా ఇస్తున్నాం కదా" అని పైన వేసింది.

మొత్తం ఫీజు తక్కువ చూపించి బోర్డు పెట్టి, మిగతాది అదనపు క్లాసుల మీద రాబట్టుకునే పద్ధతి ఇక్కడి నుంచే పుడుతుంది. 80 పాళ్లకే కోర్సు అని పిలుస్తారు. పైన మనం వేసిన లెక్క ప్రకారం ఆ ధరకు 20 గంటలు నేర్పితే స్కూలుకు నష్టమే. కాబట్టి ఎవరో కొందరు "నిదానంగా నేర్చుకునేవాళ్లు" అయి తీరాలి. బండి స్టీరింగు ముట్టుకోకముందే వాళ్ల మీద ఆ ముద్ర పడిపోయిందన్నమాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే ఆ ముద్ర ఎక్కువగా పడేది భయపడుతూ వచ్చేవాళ్ల మీద, వయసు మళ్లాక మొదలుపెట్టినవాళ్ల మీద, ఇంతకుముందు ఏ బండీ నడపనివాళ్ల మీద. వాళ్లు మారుమాట్లాడరు. లోపం తమలోనే ఉందని నమ్ముతారు.

దీనికి విరుగుడుగా కొందరు యజమానులు "వచ్చేదాకా నేర్పుతాం, ఒకటే ఫీజు" అంటారు. వినడానికి బాగుంటుంది. పదిమందిలో నలుగురికి ఆరేసి గంటలు అదనంగా పడితే 24 గంటలు, 96 పాళ్లు. పదిమందికి పంచితే ఒక్కొక్కరి మీద పది పాళ్ల లోపే. భయస్తులకు అది బీమా లాంటిది. కానీ లోపల ఇంకొకటి జరుగుతుంది. ఫీజు ఒకటే అయినప్పుడు ప్రతి అదనపు గంటా స్కూలు సొంత డబ్బు. కాబట్టి "బాగానే నడుపుతున్నారు, టెస్టుకు వెళ్లండి" అని తొందరపెట్టాలనిపిస్తుంది. క్లాసు క్లాసుకూ డబ్బు తీసుకుంటే సాగదీయాలనిపిస్తుంది. రెండు వైపులా లాగే తాడు ఇది. నా అనుభవంలో మధ్యేమార్గమే నిలబడింది: మొదటి రెండు అదనపు గంటలు ఫీజులోనే కలిపేయడం, ఆపైన గంటకు 4 పాళ్లు, దానికీ ఒక గరిష్ఠ హద్దు. ఆ రెండు గంటలకు పైన చెప్పిన పదిమంది లెక్కలో ఒక్కొక్కరి మీద పడేది మూడు పాళ్ల పైచిలుకు. దీనివల్ల ట్రైనర్‌కు తొందరపెట్టే అవసరం ఉండదు. మొదటి రెండు గంటలకు డబ్బు రాదు కాబట్టి ఊరికే "అవసరం" అనే అలవాటూ తగ్గుతుంది.

ఇక పెట్రోలు. దీని మీద మన రంగంలో ఒక మాట బాగా పాతుకుపోయింది. నిదానంగా నేర్చుకునేవాళ్లు పెట్రోలు ఎక్కువ తాగిస్తారట. కిలోమీటరు లెక్కలో చూస్తే నిజమే. ఫస్టు, సెకండ్ గేర్లలో, హాఫ్ క్లచ్‌లో, ఆగుతూ కదులుతూ వెళ్లే బండి లీటరుకు తక్కువ దూరం పోతుంది. కానీ మనం అమ్మేది గంటలు, కిలోమీటర్లు కావు. ఒక చిన్న పెట్రోలు కారు తీసుకోండి. గ్రౌండులో క్లచ్ సాధన చేసే గంటలో అది ఎనిమిది కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. లీటరుకు ఎనిమిదే ఇచ్చినా గంటకు ఖర్చయింది ఒక్క లీటరు. అదే కారు చెయ్యి తిరిగిన మనిషితో రోడ్డు మీద గంటకు 22 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 13 ఇస్తే, ఆ గంటకు సుమారు 1.7 లీటర్లు. గంటల లెక్కన చూస్తే త్వరగా నేర్చుకున్నవాళ్లే ఎక్కువ పెట్రోలు వాడారు.

20 గంటల కోర్సులో మొదటి 6 గంటలు గ్రౌండులో అనుకుంటే 6 లీటర్లు, మిగతా 14 గంటలు రోడ్డు మీద 24 లీటర్లు. మొత్తం 30, గంటకు సగటున లీటరున్నర. అదనపు క్లాసుల్లో ఎక్కువ భాగం రివర్స్ పార్కింగ్, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం లాంటి సాధనే కాబట్టి అవి లీటరు దగ్గరే ఉంటాయి. లీటరున్నర చొప్పున తీసుకుంటే స్కూలుకు నష్టం రాదు. "స్లోగా నేర్చుకుంటున్నారు, పెట్రోలు చార్జీ ఎక్కువ పడుతుంది" అని చెప్పడానికి ఆధారమే లేదు.

మీ బండి సంగతి మీరే తేల్చుకోవచ్చు, కష్టమేమీ కాదు. ట్యాంకు ఫుల్ చేయించి, మీటరు రీడింగు రాసుకుని, పది క్లాసు గంటలు నడిచాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించండి. రెండోసారి పట్టిన లీటర్లను పదితో భాగిస్తే మీ గంట లెక్క వస్తుంది. ఆ పది గంటల్లో బండిని సొంత పనికి వాడకూడదు, పికప్ కోసం ఖాళీగా తిరిగిన దూరం విడిగా రాయాలి. ఆ ఖాళీ తిరుగుడు చాలా స్కూళ్లలో నేర్చుకునేవాళ్ల పెట్రోలు ఖాతాలో కలిసిపోతోంది. ఏసీ వేసి గేటు దగ్గర నిలబెట్టిన నిమిషాలు కూడా అంతే.

లెక్క వచ్చాక ఆ ఖర్చును డబ్బులో కాకుండా లీటర్లలోనే రాయండి: గంటకు లీటరున్నర, చెల్లించే రోజు బంకు ధర ప్రకారం. అప్పుడు ధర పెరిగినా తగ్గినా మీకూ వాళ్లకూ గొడవ ఉండదు. ఇంకో సంగతి. మన ఉదాహరణలో పెట్రోలు వాటా 15 పాళ్లే. పెట్రోలు ధర పది శాతం పెరిగితే కోర్సు పెరగాల్సింది ఒకటిన్నర పాళ్లు. పెట్రోలు పేరు చెప్పి మొత్తం ఫీజును పది శాతం పెంచినవాళ్లు మిగతా ఎనిమిదిన్నర పాళ్లు దేనికో చెప్పగలగాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గంట అంటే ఎంత?

స్కూలు పుస్తకంలో ఒక స్లాటు 60 నిమిషాలు. ముందు స్లాటులో మనిషి ఆలస్యం చేసినందువల్ల ఐదు నిమిషాలు పోతాయి. ట్రైనర్ బండిని ఇరుకు సందు దాటించి గ్రౌండు దాకా తనే నడుపుతాడు, తిరిగి వచ్చేటప్పుడు తరువాతి మనిషిని ఎక్కించుకోవడానికి తనే నడుపుతాడు, వీటికి ఇంకో పది. మధ్యలో బంకులో ఆగడం, ఫోను మాట్లాడటం, ఐదు. మిగిలింది 40. ఇందులో ట్రైనర్‌ది మోసమని నేను అనడం లేదు. స్లాట్ల మధ్య ఖాళీ పెట్టకుండా ఒకదానికొకటి అతికించినప్పుడు ఇలాగే జరుగుతుంది. ఇద్దరు ముగ్గుర్ని ఒకే బండిలో ఎక్కించి వంతులవారీగా నడిపించే చోట పరిస్థితి ఇంకా దారుణం. అక్కడ వెనక సీట్లో కూర్చున్న సమయం కూడా క్లాసు కింద రాస్తారు.

గంటకు 20 నిమిషాలు పోతే 20 గంటల కోర్సులో పోయేది 400 నిమిషాలు, అంటే 6 గంటల 40 నిమిషాలు. పైన మనం ఉదాహరణగా తీసుకున్న ఆవిడకు అదనంగా అవసరమైంది 6 గంటలు. ఆమె స్టీరింగు పట్టుకున్నది 13 గంటల 20 నిమిషాలే. 6 క్లాసుల తరువాత, అవి పూర్తి గంటలే అనుకున్నా, ఆమెకు అందింది 19 గంటల 20 నిమిషాలు. మొదట డబ్బు కట్టిన 20 గంటలు ఆమెకు ఇంకా పూర్తి కాలేదు. ఆమె నిదానంగా నేర్చుకోలేదు. ఆమె గంటలు ఆమెకు అందలేదు, అంతే. పైగా ఆ లోటు తీర్చుకోవడానికి ఆమే మళ్లీ డబ్బు కట్టింది.

అందుకే నా విన్నపం. ఒక చిన్న పుస్తకం బండిలో ఉంచండి. నేర్చుకునే మనిషి స్టీరింగు ముందు కూర్చున్న సమయం, దిగిన సమయం, అప్పటి మీటరు రీడింగు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఎవరికైనా అదనపు క్లాసు చెప్పాల్సి వస్తే ముందు ఆ పుస్తకం కూడండి. 1200 నిమిషాలకు ఎంత తక్కువైతే అంత మేరకు క్లాసు ఉచితం. నిజమైన అదనం ఆ తరువాత మొదలవుతుంది. స్లాట్ల మధ్య పది నిమిషాలు వదిలితే రోజుకు ఒక స్లాటు తగ్గవచ్చు, ఆదాయం కాస్త తగ్గుతుంది, నాకు తెలుసు. ఆ నష్టాన్ని గంట ధరలో బాహాటంగా కలపండి. 60 నిమిషాల ధర తీసుకుని 40 ఇవ్వడంకంటే, 50 నిమిషాల క్లాసు అని రాసి 50 నిమిషాలూ ఇవ్వడం మంచిది.

మరి గంటలు పూర్తిగా అందినా చెయ్యి తిరగనివాళ్లు ఉండరా అంటే, ఉంటారు. నిజంగా ఇంకా సాధన కావాలో లేదో ఎలా తెలుస్తుంది? బండి సాఫీగా వెళ్తోందా అన్నది చూస్తే సరిపోదు. మన బళ్లలో ట్రైనర్ కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. సాయం చేసే అలవాటున్న ట్రైనర్ ప్రతి మలుపులో తనే క్లచ్ నొక్కుతాడు. నేర్చుకునే మనిషికి ఆ సంగతి తెలియదు, బండి ఆగిపోవడం లేదు కాబట్టి తనకు వచ్చేసిందనుకుంటాడు. ఇలాంటివాళ్లు కోర్సు మొదట్లో అందరికంటే చురుగ్గా కనిపించి, చివర్లో హఠాత్తుగా నిదానమైపోతారు. ఎత్తు మీద ఆపి బండి లేపమంటే వెనక్కి జారుతుంది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఆ ఎడమ పాదానికి ఎప్పుడూ తెలియలేదు మరి.

కాబట్టి కొలవాల్సింది ట్రైనర్ జోక్యాన్ని. చివరి రెండు క్లాసుల్లో ట్రైనర్ పెడలు ఎన్నిసార్లు నొక్కాడు, స్టీరింగు ఎన్నిసార్లు పట్టుకున్నాడు, "గేరు మార్చు", "అద్దం చూడు" అని ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది, ఇవి గీతలు గీసి లెక్కపెట్టండి. ట్రైనర్ పెడలు ముట్టకుండా, మాట చెప్పకుండా అరగంట పాటు నడపగలిగితే, ఎత్తు మీద మూడుసార్లు జారకుండా కదిలించగలిగితే, ఆ మనిషికి అదనపు క్లాసు అమ్మకండి. చేయలేకపోతే, ఎక్కడ ఆగిపోతున్నారో ఆ ఒక్క పని పేరు రాసి ఆ పనికే క్లాసు ఇవ్వండి. "జనరల్ ప్రాక్టీసు" అని రాసిన క్లాసుకు హద్దు ఉండదు, అది ఎన్నిసార్లయినా అమ్ముడుపోతుంది. ఒకే పని మీద మూడు క్లాసులయ్యాక కూడా గీతలు తగ్గకపోతే నాలుగోది అమ్మడం మానేసి ట్రైనర్‌ను మార్చండి. కొందరికి అరిచి చెప్తే చెయ్యి వణుకుతుంది, ఇంకో మనిషి పక్కన కూర్చుంటే అదే పని ఒక్కరోజులో వచ్చేస్తుంది.

ఈ పరీక్ష చేసేది నేర్పిన ట్రైనరే అయితే మళ్లీ కథ మొదటికొస్తుంది, ముఖ్యంగా అదనపు క్లాసు మీద అతనికి కమీషన్ ఉంటే. ఆ కమీషన్ తీసేయండి. దాని బదులు గంట జీతం పెంచండి, అది మామూలు గంటకూ అదనపు గంటకూ ఒకటే ఉండాలి. ఇద్దరు ట్రైనర్లున్న స్కూల్లో ఒకరి విద్యార్థిని ఇంకొకరు చూడొచ్చు. ఒక్కరే ఉన్న చోట గీతల కాగితం విద్యార్థి చేతికే ఇవ్వండి, ఇంట్లో ఎవరైనా చూసి అడగగలిగేలా.

వారానికి ఒక్కరోజే వచ్చేవాళ్ల గురించి కూడా ఒక మాట. క్లాసుకూ క్లాసుకూ మధ్య ఎడం ఎక్కువైతే ప్రతిసారీ మొదటి పావుగంట పాతది గుర్తు తెచ్చుకోవడానికే పోతుంది. ఈ విషయం చేరేటప్పుడే చెప్పాలి. చెప్పినా వాళ్లు అలాగే వస్తామంటే అప్పుడు పట్టే అదనపు గంటలు వాళ్లవే, ధర తీసుకోవడంలో తప్పులేదు. అదే మీ ట్రైనర్ సెలవు పెట్టినందుకు ఎడం వచ్చిందా, ఆ గంట మీది.

స్కూలు నడపడం ఎంత కష్టమో తెలిసే రాస్తున్నాను. చెప్పకుండా మానేసేవాళ్లు, ఉదయం ఒకే వేళకు అందరూ కావాలనడం, మధ్యాహ్నం బండి ఖాళీగా నిలబడటం, అన్నీ ఉన్నాయి. ఆ ఖాళీ వేళల్లోనే అదనపు క్లాసులు ఇవ్వండి. బండి వాయిదా ఎలాగూ నడుస్తున్న ఆ గంటకు ట్రైనరూ పెట్రోలూ బండి అరుగుదలా పోగా ఏం మిగిలినా మీకు లాభమే, కాబట్టి 4 పాళ్ల బదులు మూడున్నరకు ఇచ్చినా గిట్టుబాటవుతుంది. ముందు రోజు సాయంత్రంలోగా చెప్పకుండా మానేసిన క్లాసుకు ట్రైనర్ గంట జీతం పట్టుకోండి, ఆ నియమం కూడా మొదటి రోజు కాగితంలోనే ఉండాలి. పెట్రోలు మాత్రం అప్పుడు పట్టుకోకూడదు, బండి కదల్లేదు కదా.

వచ్చే బ్యాచ్ నుంచి ఆ కాగితం మొదలుపెట్టండి. అందులో 20 గంటలకు స్థిరమైన ఫీజు ఎంతో, గంటకు పెట్రోలు ఎన్ని లీటర్లో, అది ఫీజులో కలిసిందో లేదో, గంట అంటే స్టీరింగు మీద ఎన్ని నిమిషాలో, అదనపు గంట ధర ఎంతో, ఎవరు పరీక్షించి ఆ అవసరం తేలుస్తారో, గరిష్ఠంగా ఎన్ని గంటలో రాసి ఉండాలి. దాని మీద మీ సంతకం పెట్టి, డబ్బు తీసుకునే ముందే వాళ్ల చేతికివ్వండి.

ఇట్లు,
పక్క సీట్లో కూర్చుని నేర్పి, ఇప్పుడు లెక్కలు రాస్తున్న మీలో ఒకరు